మీ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ ఫ్లోర్ ఎంత గట్టిది? ఎంత గట్టిగా ఉండాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో మన ఊళ్లలో వీధికి పది కనిపించే బిల్డింగ్ గురించి మాట్లాడుకుందాం. కింద కార్లు, పైన ఐదు అంతస్తులు. స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అంటాం కదా, అదే.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చింది. అహ్మదాబాద్ అక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ సిటీలో వందకు పైగా కాంక్రీట్ అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద ఓపెన్ పార్కింగే. 2016 కోడ్ మ్యాప్‌లో అహ్మదాబాద్ జోన్ 3లో ఉంది. మన విజయవాడ కూడా జోన్ 3లోనే ఉంది. అందుకే ఇది గుజరాత్ కథ అనుకుని వదిలేయలేం.

అసలు పార్కింగ్ ఫ్లోరే ఎందుకు పడిపోతుంది? "పిల్లర్లు బరువు మోయలేక" అని చాలామంది అనుకుంటారు. కాదండీ. బరువు రోజూ మోస్తూనే ఉన్నాయి. భూకంపం పక్కకి తోస్తుంది. పక్కకి తోస్తే ఎంత వంగుతుంది అన్నదే ఇక్కడ ప్రశ్న. ఒక మిల్లీమీటర్ పక్కకి జరపాలంటే ఎన్ని టన్నుల బలం కావాలో, దాన్నే స్టిఫ్‌నెస్ అంటారు. పైన ఇళ్ల మధ్య ఇటుక గోడలు ఉన్నాయి కాబట్టి పై అంతస్తులు గట్టిగా ఉంటాయి. కింద ఉన్నవి పిల్లర్లు మాత్రమే. దీన్నే సాఫ్ట్ స్టోరీ అంటారు.

ఒక లెక్క చేద్దాం. ఒక చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుందాం. అంతస్తుకి 1500 చదరపు అడుగులు, 12 పిల్లర్లు, అన్నీ 9 అంగుళాలు బై 18 అంగుళాలు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఎత్తు 3 మీటర్లు. కాంక్రీట్ ఎం25 అనుకుందాం.

పై కొస, కింద కొస రెండూ బిగించి ఉన్న పిల్లర్‌కి ఫార్ములా ఇది:

```
k = 12EI/h³
```

9 అంగుళాల వైపు, అంటే బలహీనంగా ఉన్న దిశలో వేస్తే, ఒక్కో పిల్లర్‌కి మిల్లీమీటర్‌కి అర టన్ను వస్తుంది. 12 పిల్లర్లకి కలిపి 6 టన్నులు. ఇది పార్కింగ్ ఫ్లోర్.

ఇప్పుడు మొదటి అంతస్తు. అక్కడా అవే పిల్లర్లు, అంటే 6 టన్నులు. దాంతోపాటు ఆ దిశలో పిల్లర్ల మధ్య ఆరు ఇటుక గోడలు ఉన్నాయనుకుందాం. 9 అంగుళాల గోడ ఒక్కోటి సుమారు 1.7 టన్నులు ఇస్తుంది. చూశారా, ఒక్క ఇటుక గోడ మూడు పిల్లర్లతో సమానం! ఆరు గోడలు 10 టన్నులు. మొత్తం 16. అంటే కింద 6, పైన 16.

ఐదు అంతస్తుల బరువు 840 టన్నులు అనుకుంటే, జోన్ 3లో ఇలాంటి పాత పద్ధతి బిల్డింగ్‌కి కోడ్ లెక్కలో పక్క బలం సుమారు 56 టన్నులు. 56ని 6తో భాగిస్తే పార్కింగ్ ఫ్లోర్ 9 మిల్లీమీటర్లు జరుగుతుంది. పైన మూడున్నర. ఇది ఇంకా పగుళ్లు రాని కాంక్రీట్ లెక్క. గట్టి కుదుపులో పిల్లర్ల పైన, కింద కొసలు పగిలాయంటే ఆ 6 ఇంకా తగ్గుతుంది. అప్పుడు బిల్డింగ్ మొత్తం కదలిక ఆ ఒక్క అంతస్తులోనే పోగవుతుంది. పై ఐదు అంతస్తులు ఒకే పెట్టెలా ఉండి, కింద కాళ్లు మాత్రం విరుగుతాయి.

సరే, పరిష్కారం. కింద కాంక్రీట్ గోడలు పోయడమే కదా? అవును, కానీ ఎంత? అసలు కిటుకు ఇక్కడే ఉంది.

6 అంగుళాల మందం, 2 మీటర్ల పొడవు ఉన్న షియర్ వాల్ ఒక్కటే దాదాపు 20 టన్నులు ఇస్తుంది. రెండు చివర్లా ఒక్కోటి పోస్తే 40. పిల్లర్లతో కలిపి కింద 46. సూపర్ అనిపిస్తుంది. కానీ పైన ఇంకా 16 మాత్రమే ఉంది! ఇప్పుడు కిందకన్నా మొదటి అంతస్తే బలహీనంగా మిగిలింది. నష్టం ఒక అంతస్తు పైకెక్కవచ్చు. 2002 కోడ్ ప్రకారం కింద అంతస్తు స్టిఫ్‌నెస్ పై అంతస్తులో 70 శాతం కన్నా తక్కువైతే సాఫ్ట్. 2016లో ఇంకా కఠినం చేశారు, పైదానికన్నా తక్కువుంటేనే సాఫ్ట్. ఏ అంతస్తుకైనా ఇదే రూల్. అంటే, గోడలు పునాది నుంచి పైదాకా పొయ్యాలి. అది కుదరకపోతే, కింద పైదానికి సరిపోయేంత మాత్రమే పెంచాలి.

మన బిల్డింగ్‌కి కావాల్సింది ఇంకో 10 టన్నులు. పొడవు 2 మీటర్ల నుంచి 1.2 మీటర్లకి, అంటే నాలుగు అడుగులకి తగ్గిస్తే ఒక్కో గోడ 5.4 టన్నులు ఇస్తుంది. రెండు గోడలు, పిల్లర్లు కలిపితే కింద 17, పైన 16. కదలిక 9 నుంచి మూడున్నర లోపుకి వచ్చింది. కార్లకి దారీ పోలేదు. రెండు గోడలూ రెండు చివర్ల ఎందుకంటే, ఒకే పక్క పోస్తే బిల్డింగ్ మెలితిరుగుతుంది. లిఫ్ట్ చుట్టూ ఒక మూలన మాత్రమే కాంక్రీట్ గోడ ఉన్నచోట కూడా ఇదే ఇబ్బంది.

ఇప్పుడు పునాది. ఈ గోడ ఒక్కోటి సుమారు 18 టన్నుల పక్క బలం తీసుకుంటుంది. 3 మీటర్ల ఎత్తులో తోస్తే అడుగున 54 టన్ను-మీటర్ల మెలి. నాలుగు అడుగుల గోడకి అంటే, ఒక అంచుని సుమారు 50 టన్నులతో పైకి లాగుతున్నట్టు. పార్కింగ్ ఫ్లోరింగ్ మీద నిలబెట్టేస్తే ఆ గోడ వల్ల ఉపయోగమే లేదు. అందుకే గోడని పిల్లర్‌తో కలిపి పోస్తారు. పాత కాంక్రీట్‌కి రంధ్రాలు వేసి, ఎపాక్సీతో కమ్మీలు బిగించి, ఫుటింగ్‌ని వెడల్పు చేసి పక్క ఫుటింగ్‌తో కలుపుతారు. పిల్లర్ మీద ఉన్న బరువు ఆ అంచు లేవకుండా పట్టుకుంటుంది. మూల పిల్లర్ మీద బరువు తక్కువ, కాబట్టి చివరి వరుసలో మధ్య పిల్లర్ మేలు. ఖర్చు ఎక్కువగా పడేది కూడా ఈ మట్టి తవ్వే పనికే.

"గోడ వద్దు, పిల్లర్లకే జాకెటింగ్ చేయిద్దాం" అంటారు కొందరు. చుట్టూ నాలుగేసి అంగుళాలు పోస్తే పేపర్ మీద పిల్లర్ తొమ్మిది రెట్లు గట్టిపడుతుంది. కానీ ఫార్ములా రెండు కొసలూ బిగించి ఉన్నాయనుకుంటుంది. పైన బీమ్ పాతదే కదా, అదే వంగుతుంది, తొమ్మిది రెట్లు రాదు. కొత్త కమ్మీలు స్లాబ్ గుండా పైకి, ఫుటింగ్‌లోకి కిందకి వెళ్లకపోతే అది పిల్లర్‌కి తొడిగిన చొక్కా మాత్రమే.

ఇంకొకటి. పార్కింగ్‌లో నడుం ఎత్తు ఇటుక గోడ కడతారు చూడండి, పిల్లర్‌కి ఆనించి. ఆ పిల్లర్ వంగడానికి సగం ఎత్తే మిగులుతుంది. ఫార్ములాలో h³ ఉంది కదా, ఎత్తు సగమైతే స్టిఫ్‌నెస్ ఎనిమిది రెట్లు. బలమంతా దాని మీదకే వచ్చి అదే ముందు పగులుతుంది. గోడకీ పిల్లర్‌కీ మధ్య ఖాళీ వదలండి.

ఈ లెక్క సమస్య అర్థం కావడానికే. మీ బిల్డింగ్‌కి పని మొదలుపెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్ డ్రాయింగులు చూసి, కాంక్రీట్ టెస్ట్ చేసి, మోడల్ చేయాలి. ఆయన రిపోర్ట్ తెచ్చినప్పుడు అసోసియేషన్ మీటింగులో మూడు అడగండి: రెండు దిశల్లోనూ కింద ఎంత, పైన ఎంత? మీరు చెప్పిన పని అయ్యాక మొదటి అంతస్తు పరిస్థితి ఏంటి? కొత్త గోడ కింద ఫుటింగ్ డ్రాయింగ్ ఏది? మూడోదానికి జవాబు లేకపోతే డబ్బులు వసూలు చేయకండి. ఉంటానండీ.