పది మగ్గాలకు ఎందరు మనుషులు?



చేనేతపై వచ్చే వ్యాసాల్లో మన లెక్క ఒకటి తరచూ కనిపిస్తుంది. 1995-96లో చేనేత పనివారు 65.5 లక్షలు, 2009-10లో 43.31 లక్షలు, 2019-20లో 35.22 లక్షలు. ఇవి కేంద్ర ప్రభుత్వ చేనేత గణనల అంకెలు. మూడింటినీ వరసగా పెట్టి, నేతవాళ్ళు సగానికి తగ్గారని తేల్చేస్తారు. నిజంగానే తగ్గాం. ఎంత తగ్గామన్నదే మా ప్రశ్న.

అవే గణనల్లో మగ్గాలు చూడండి. 34.86 లక్షల నుంచి 23.77 లక్షలకు పడిపోయి, మళ్ళీ 28.2 లక్షలయ్యాయి. మనుషులు తగ్గి మగ్గాలు ఎలా పెరిగాయి? భాగించి చూశాం. మొదటి గణనలో పది మగ్గాలకు సుమారు 19 మంది, తర్వాత 18 మంది, చివరికి 12 మందే. మగ్గం మీద కూర్చునేవాడు ఒకడైనా, ఆసు పోసేదెవరు, కండెలు చుట్టేదెవరు, అచ్చు అతికేదెవరు? ఆ చాకిరీ పదేళ్ళలో అంత తగ్గిందా?

కొంత పని బయటికి పోయి ఉండొచ్చు. లేదా మూలనపడ్డ మగ్గాన్ని కూడా లెక్కలో వేసి, కండెలు చుట్టే అవ్వను "ఇంట్లోనే ఉంటుంది" అని వదిలేసి ఉండొచ్చు. ఒక ఇల్లు అనుకుందాం. రెండు గుంట మగ్గాలు, ఒకటి ఆడదు. నాయన నేస్తాడు, అమ్మ, అవ్వ కండెలు చుడతారు. సరిగా రాస్తే ఒక మగ్గానికి ముగ్గురు. పైపైన రాస్తే రెండు మగ్గాలకు ఒక్కడే. ఇల్లు అదే, లెక్క వేరు.

ఇంకొకటి. 2009-10 నాటి 43.31 లక్షల్లో 18 ఏళ్ళు నిండినవారు 38.47 లక్షలే, మిగతావారు పిల్లలు. అప్పుడు 35.22ను దేని పక్కన పెట్టాలి? 43.31 పక్కన పెడితే ఎనిమిది లక్షలు తగ్గినట్టు, 38.47 పక్కన పెడితే మూడుంపావు లక్షలే తగ్గినట్టు. కొత్త లెక్కలో పిల్లలున్నారో లేదో చూడకుండా తీసివేత వెయ్యకూడదు.

మన పళ్ళిపట్టు వైపు సంగతి మరీ వేరు. గుంట మగ్గం తీసేసి పవర్‌లూమ్ పెట్టుకున్న ఇల్లు చేనేత గణనలో ఉండదు. ఆ ఇంట్లో నేత ఆగలేదు, కానీ పట్టికలో మాత్రం నేతవాడు మాయమయ్యాడు. "నేత మానేశారు" అని రాసేవారికి ఈ రెండూ ఒకటే.

అందుకే ఎవరైనా అంకె చూపిస్తే నాలుగు మాటలు అడుగుదాం. ఎవరు లెక్కపెట్టారు? ఏ సంవత్సరం? ఎవరిని నేతపనివారు అన్నారు? ఆడని మగ్గాన్ని ఏం చేశారు? గణనవాళ్ళు మన గడపకొస్తే అవ్వ పేరు కూడా రాయించి, ఆడే మగ్గం ఏదో, ఆడనిదేదో విడదీసి చెబుదాం. రేపు పథకానికి కోత పడేది ఆ కాగితం చూసే.