‘ఇతరములు’లో ఇరుక్కున్న ఇరవై ఏడు వేలు

(నస్రుల్లాబాద్‌లో గ్రామ కమిటీల బాధ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాసంగి కోతలు మొదలైతే మనలో ఎవరికీ కాగితాల ముఖం చూసే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడే చెప్తున్నం. మన దగ్గరికి ఈ మధ్య ఒక రైతు బృందం వచ్చింది. వాళ్లకు ఒక దాత సంస్థ మొదటి విడతగా ఐదు లక్షలు ఇచ్చింది. కల్లాల్లో వడ్లు తడవకుండా టార్పాలిన్లు, తేమ చూసే మిషన్లు, తాలు పోవడానికి ప్యాడీ క్లీనర్లు, రైతులకు శిక్షణ, కొంచెం పాలనా ఖర్చు. ఇవీ మంజూరైన ఐదు పద్దులు. పని మంచిగనే చేసిండ్రు. టార్పాలిన్లు కల్లాల్లో మేమే చూసినం. అయినా రెండో విడత ఆగింది. ఎందుకంటే వాళ్లు పంపిన వినియోగ నోటు చదివితే ఏ పద్దులో ఎంత ఖర్చయిందో తేలదు.

ఆ నోటు రెండు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ రైతుల కష్టాల గురించే. లెక్క మాత్రం మూడు లైన్లు: సామగ్రి కొనుగోలు 3,85,000, రైతు కార్యక్రమాలు 38,000, ఇతరములు 59,000. మొత్తం 4,82,000. కూడిక తప్పు కాదు, దొంగ లెక్క అంతకన్నా కాదు. కానీ మంజూరు ఐదు పద్దులకు, లెక్క మూడు పద్దులకు. దాత దగ్గర కూర్చున్న మనిషి మంజూరు పత్రం ఒక చేత, ఈ నోటు ఒక చేత పట్టుకుంటే ఒక్క లైను కూడా జత కాదు. ‘టార్పాలిన్లకు రెండు లక్షలు ఇచ్చినం, ఎంత ఖర్చు పెట్టిండ్రు? పాలనా ఖర్చు నలభై వేలు దాటొద్దన్నం, ఇతరములు యాభై తొమ్మిది వేలు ఎట్లయింది?’ అని వాళ్లు రాసిండ్రు. అడగడంలో తప్పేముంది?

‘ఇతరములు’ అన్న మాటకు ఎక్కడైనా ఇదే గతి. చదివేటోడు దాన్ని ఆఫీసు ఖర్చు కిందనే లెక్కేస్తడు. విదేశీ విరాళం తీసుకునే సంస్థలకైతే 2020 చట్ట సవరణ తర్వాత పాలనా ఖర్చు 20 శాతం దాటొద్దని ఉంది. ఇంతకుముందు అది 50 శాతం. కాబట్టి దాతల కండ్లు ముందుగా ఆ లైను మీదనే పడ్తయి.

మేము వాళ్లను సంచిలున్న ఓచర్లన్నీ తీసి చాప మీద పరవమన్నం. ఆ 59,000 విప్పితే ఏం తేలింది? టార్పాలిన్లు తెచ్చిన ఆటో కిరాయి, హమాలీ 6,000. క్లీనర్ల రవాణా, మోటరు బిగింపు 12,000. శిక్షణ రోజుల్లో భోజనాలు 9,000. ఈ ఇరవై ఏడు వేలు వాటి వాటి పద్దుల్లోకి పోవాల్సినవి. మిగిలిన 32,000 మాత్రమే అసలు పాలనా ఖర్చు. అంటే నలభై వేల హద్దుకు ఎనిమిది వేలు లోపలే ఉన్నరు, కానీ కాగితం మీద హద్దు దాటినట్టు కనబడ్డరు. ఒక్క జాగ్రత్త: మంజూరు పత్రంలో రవాణాకు వేరే పద్దు ఉంటే కిరాయి అందులోనే రాయాలి. పద్దులు మనం పెట్టేవి కావు, వాళ్ల పత్రంలో ఉన్న పేర్లే, ఉన్న వరుసలోనే.

నోటు మళ్లీ రాసినం. కష్టాల పేజీన్నరను నాలుగు వాక్యాలు చేసి చివరికి పంపినం. మొదటి పేజీలో లెక్క ఇట్లా ఉంది:

టార్పాలిన్లు 90: మంజూరు 2,00,000, ఖర్చు 1,95,000, మిగులు 5,000. ఓచర్లు ట-1 నుంచి ట-3.
తేమ మిషన్లు 4: మంజూరు 60,000, ఖర్చు 58,000, మిగులు 2,000. ఓచరు మ-1.
ప్యాడీ క్లీనర్లు 2: మంజూరు 1,40,000, ఖర్చు 1,50,000, అదనం 10,000. ఓచర్లు క-1 నుంచి క-3.
శిక్షణ: మంజూరు 60,000, ఖర్చు 47,000, మిగులు 13,000. ఓచర్లు శ-1 నుంచి శ-9.
పాలన: మంజూరు 40,000, ఖర్చు 32,000, మిగులు 8,000. ఓచర్లు ప-1 నుంచి ప-12.
మొత్తం: మంజూరు 5,00,000, ఖర్చు 4,82,000, మిగులు 18,000.

ఇందులో ముఖ్యమైంది చివర ఉన్న ఓచరు నంబరు. ఫైలులో ట-1 తీస్తే దుకాణం బిల్లు, ఒక్కోటి 2,100 చొప్పున. ట-2 తీస్తే మిగతా టార్పాలిన్ల బిల్లు. రెండూ కలిపి 1,89,000. ట-3 కిరాయి, హమాలీ 6,000. అయిపోయింది, 1,95,000 తేలింది. జీఎస్టీ బిల్లులోనే కలిసి ఉంది కాబట్టి కట్టిన మొత్తమే ఖర్చు. దాన్ని విడదీసి ఇంకో పద్దు పెట్టొద్దు. ఆటో డ్రైవరు బిల్లు ఇయ్యడు, మనకందరికీ తెలిసిందే. అక్కడ మనమే ఓచరు రాసి తేదీ, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత, ఆయన సంతకం తీసుకోవాలి. ‘రవాణా ఖర్చులు’ అని రాసి అధ్యక్షుడు సంతకం పెడితే అది ఓచరు కాదు. టార్పాలిన్లు అందుకున్న తొంభై మంది పేర్లు, సంతకాల జాబితా కూడా ట-1 వెనుకనే పెట్టినం. ఫొటోలు పెడితే పెట్టుకోండి, కానీ ఫొటోలో తొంభై లెక్కకు రావు.

క్లీనర్ల దగ్గర పదివేలు ఎక్కువైనయి. దీన్ని చాలామంది పక్క పద్దులోకి దోసి సరిచేస్తరు. అదే పెద్ద ప్రమాదం, ఎందుకంటే బిల్లు తీసి చూస్తే దొరికిపోతది, అప్పుడు మంచి లెక్కలను కూడా నమ్మరు. ఎక్కువైంది ఎక్కువైందనే రాసినం. కింద రెండు వాక్యాలు: రవాణా, మోటరు బిగింపు అంచనాలో లేవు, శిక్షణ పద్దులో మిగిలిన దాంట్లోంచి సర్దినం, కమిటీ తీర్మానం నకలు జతచేసినం. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు దాతను అడగకుండ ఎంతవరకు మార్చుకోవచ్చో ఒప్పంద పత్రంలో ఉంటది. ఖర్చు పెట్టకముందే అది చదవాలి.

ఇగ బ్యాంకు. వచ్చింది 5,00,000, బ్యాంకు వడ్డీ 4,200, ఖర్చు 4,82,000. కాబట్టి 22,200 ఉండాలి. పాసుబుక్కులో మాత్రం 31,200 ఉంది. కారణం చిన్నదే: భోజనాల తొమ్మిది వేల చెక్కును వంటాయన ఇంకా బ్యాంకులో వెయ్యలేదు. నోటులో ఆ చెక్కు నంబరు, మొత్తం రాసి తేడా చూపినం. లేకుంటే ఇంకో ఉత్తరం, ఇంకో నెల. వడ్డీని కూడా దాచకుండ వేరే లైనులో చూపాలి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు అయితే 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం వినియోగ పత్రానికి 12-ఎ ఫారమే ఉంది, అందులో వడ్డీకి, మిగులుకు వేరే గడులుంటయి.

అడ్వాన్సుల సంగతి కూడా చెప్పాలె. శిక్షణ కోసం కార్యదర్శికి పదివేలు ఇచ్చినమనుకోండి, ఇచ్చిన రోజు అది ఖర్చు కాదు. ఆయన బిల్లులు తెచ్చి మిగిలింది కట్టిన రోజే ఖర్చు. అప్పటిదాకా ‘సర్దుబాటు కావాల్సిన అడ్వాన్సు’ అని వేరేగా చూపాలి.

నోటు పంపేముందు ఒక పరీక్ష పెట్టినం. కొనుగోళ్లతో సంబంధం లేని ఒక సభ్యురాలికి నోటు, ఫైలు ఇచ్చి, ‘అమ్మా, క్లీనర్ల లెక్క చూసి చెప్పు’ అన్నం. ఎవర్నీ అడగకుండ పది నిమిషాల్లో లక్షా యాభై వేలు తేల్చింది. శిక్షణ దగ్గర మాత్రం శ-6 హాజరు పట్టీ లేదని పట్టుకుంది. ఆ పట్టీ వేరే ఫైలులో ఉంటే తెచ్చి పెట్టినం.

ఇక మిగిలిన 22,200 ఉంది. దాన్ని తిప్పి పంపాల్నా, రెండో విడతలో కలుపుకోవాల్నా అని నోటు చివర దాతనే అడిగినం. జవాబు రాతలో వచ్చేదాకా ఆ పైసలు ముట్టొద్దని బృందానికి చెప్పినం. మీ మీ గ్రామ కమిటీల ఫైళ్లు కూడా ఈ రోజు తెచ్చిండ్రు కదా, భోజనాలైనంక ‘ఇతరములు’ లైను నుంచే మొదలుపెట్టి విప్పుదాం.