ముప్పై మీటర్ల బేరం



ఈరోజు పట్టా పుచ్చుకున్న మీలో చాలామంది ఇళ్లలో అద్దకం బల్లలున్నాయి. కొందరు బయట ఉద్యోగాలకు వెళ్తారు. కొందరు ఇక్కడే ఉండి, ఇంట్లోవాళ్లు అద్దిన గుడ్డను హైదరాబాదు, బెంగళూరు షాపులకు అమ్మే పని ఎత్తుకుంటారు. నా మాటలు ముఖ్యంగా ఆ రెండోవాళ్లకు. పెద్ద ఆర్డరు ఇవ్వడానికి జంకుతున్న పార్టీకి ముందు ఒక చిన్న పనిని డబ్బులు తీసుకుని ఎలా అమ్మాలన్నదే ఈరోజు నా విషయం. గొప్ప ఆశయాల గురించి ఇంకో వక్త చెబుతారులెండి.

పెడనలో ఇప్పుడు నడిచే పద్ధతి మీకు తెలుసు. షాపావిడ ఫోన్ చేస్తుంది. డిజైన్లు బాగున్నాయంటుంది. రెండు శాంపిల్ ముక్కలు పంపమంటుంది. మనం కొరియర్ ఖర్చు కూడా పెట్టుకుని ఉచితంగా పంపుతాం. వారం తర్వాత ఫోన్ చేస్తే, "చూస్తున్నామండీ, చెబుతాం" అంటారు. మరో నెలకు ఆ డిజైనే స్క్రీన్ ప్రింటులో ఎక్కడో కనబడుతుంది. అందరూ అలా చేస్తారని కాదు. కానీ ఉచిత శాంపిల్ అడిగేవాళ్లలో కొనేవాళ్లెవరో, చూసి పోయేవాళ్లెవరో మనకు తేలదు. అసలు నష్టం అంతకంటే పెద్దది. చేతిరుమాలంత ముక్క ఆవిడ భయాల్లో ఒక్కదానికీ జవాబు చెప్పదు.

ఆవిడ భయాలేమిటి? ఎర్ర రంగు ఉతుకులో పోయి పక్కనున్న తెల్ల బ్లౌజుకు అంటుతుందేమోనని ఒకటి. మొదటి థానూ పదో థానూ ఒకే ఛాయలో ఉండవేమోనని రెండోది. పండక్కి ముందు అందుతాయో లేదోనని మూడోది. ధర గురించి బేరమాడుతున్నా, లోపల ఆడుతున్నవి ఇవి. అందుకని ధర తగ్గించినా ఆర్డరు రాదు.

మన ప్రాంతంలో ఇది కొత్త సమస్య కాదు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగి గుడ్డ కొనడం మొదలుపెట్టారు. నెలల తరబడి సముద్రం దాటి వెళ్లే సరుకు అది. ఇక్కడ బేల్ కట్టేసరికి తప్పు జరిగితే అక్కడ దిద్దుకునే వీలుండదు. అందుకని నమూనా గుడ్డను దగ్గర పెట్టుకుని, వచ్చిన సరుకును దానితో పోల్చి, సరిపోనిదాన్ని వెనక్కి నెట్టేవాళ్లు. అడ్వాన్సు ముందే ఇచ్చేవాళ్లు గనక, తిరస్కరించిన గుడ్డ భారం తిరిగి తిరిగి నేతవాడి మీద, అద్దకపువాడి మీద పడేది. నమూనా మీద ఇద్దరికీ సమానంగా హక్కు ఉండాలని నేను ముందు ముందు చెప్పబోవడానికి ఆ చరిత్ర ఒక కారణం.

ఇక లెక్కలోకి వద్దాం. అంకెలు నేను ఊహించినవే, మీ యూనిట్ అంకెలు వేసుకుని చూసుకోండి. హైదరాబాదులో మూడు షాపులున్న ఒకావిడ వెయ్యి మీటర్లు కావాలనుకుంటోంది. మీటరు 300 చొప్పున మూడు లక్షల పని. నిర్ణయం తేలడం లేదు. అప్పుడు మీరిలా అంటారు: "మేడమ్, వెయ్యి మీటర్ల మాట ఇప్పుడొద్దు. ముందు ముప్పై మీటర్లు అద్దిద్దాం. పదిహేను చొప్పున రెండు విడతల్లో, రెండు వేర్వేరు రోజుల్లో ఉడికించి ఇస్తాం. రెండింటినీ ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు పెడతాం. మొత్తం పదిహేను వేలు. గుడ్డ మీదే."

ఈ మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది "రెండు విడతలు". ఒకే విడతలో అద్దిన ముప్పై మీటర్లు ఎంత అందంగా వచ్చినా ఛాయ తేడా గురించి ఏమీ చెప్పవు. రెండు రోజుల కాగుల గుడ్డను పక్కపక్కన పెడితేనే ఆ సంగతి బయటపడుతుంది. ఆవిడ దేనికి భయపడుతోందో దాన్నే చిన్న పనిలో పరీక్షకు పెట్టాలి. మన గొప్ప చూపించుకునే పనిగా దాన్ని మార్చకూడదు. యూనిట్లో అందరికంటే చెయ్యి తిరిగిన పెద్దాయన చేత ముప్పై మీటర్లు అద్దించి, తర్వాత వెయ్యి మీటర్లు కుర్రాళ్లకు అప్పగిస్తే, ట్రయల్ అబద్ధమైపోతుంది. ట్రయల్‌కు ఉండాల్సినవి అదే బల్ల, అదే కాగు, అదే కాలవ నీళ్లు, రేపు చేయబోయే చేతులే.

పదిహేను వేలెందుకు? ముప్పై మీటర్ల గుడ్డ విలువ మీటరు 300 లెక్కన తొమ్మిది వేలు. ఆవిడ దాన్ని షాపులో అమ్ముకోవచ్చు. అంటే ఆవిడ నిజంగా పణంగా పెడుతున్నది ఆరు వేలు. మూడు లక్షల తప్పు జరక్కుండా ఆరు వేలు. ఫోన్లో ఈ లెక్కను మీరే చెప్పండి, ఆవిడకు వదిలేయకండి. మన వైపు కోరా గుడ్డ, చిన్న కాగుకు పడే ఎక్కువ కూలి, ల్యాబ్ ఫీజు, మన తిరుగుడు కలిపి పన్నెండు వేల దాకా అవుతుందనుకుందాం. లాభం పెద్దగా లేదు, నష్టం మాత్రం లేదు. ధర పెట్టడానికి నేను చూసే కొలత ఇంకొకటుంది. భర్తనో భాగస్వామినో అడగకుండా ఆవిడే సరేననగలిగే మొత్తం కావాలి. అలాగని ఇచ్చి మరిచిపోయేంత చిన్నదీ కాకూడదు. డబ్బు మొత్తం ముందే తీసుకోండి. ఇంత చిన్న పనికి సగం ముందు, సగం తర్వాత అని పెట్టుకుంటే, రెండో సగం వసూలుకే ఫోన్ బిల్లు అయిపోతుంది.

ఆ ఆరు వేలను పెద్ద ఆర్డరులో తగ్గిస్తామని చెప్పాలా? చెప్పొచ్చు, అరవై రోజుల గడువు పెట్టి. మూడు లక్షల్లో అది రెండు శాతం. ఆ రెండు శాతం మీటరు 300లో ఇమిడి ఉండాలి. లేకపోతే మనం మన జేబులోంచి ఇస్తున్నట్టే. తగ్గింపును పెద్ద ఆర్డరు ఇన్వాయిస్ మీదే రాసి చూపించండి. మొత్తం పదిహేను వేలూ తగ్గించమని అడిగితే ఒప్పుకోవద్దు. ఆవిడ తొమ్మిది వేల గుడ్డ అప్పటికే అమ్ముకుని ఉంటుంది.

అద్దకం మొదలెట్టకముందే ఒక కాగితం రాసుకోవాలి. ఏది వస్తే పాసైనట్టు? గుడ్డ చేతికొచ్చాక ఈ మాట మొదలైతే అది తగువవుతుంది. ల్యాబులు ఉతుకు, రుద్దుడు పరీక్షల్లో రంగు పటుత్వాన్ని ఒకటి నుంచి ఐదు వరకు అంకెల్లో చెబుతాయి, ఐదు మంచిది. ఉతికినప్పుడు పక్క తెల్లగుడ్డకు అంటడంలో 4, పొడిగా రుద్దినప్పుడు 4, తడిగా రుద్దినప్పుడు 3, రెండు విడతల ఛాయ తేడాలో 4 అని రాసుకుందాం. తడి రుద్దుడుకు 4 అని ఒప్పుకోకండి. సహజ రంగుల్లో ముదురు ఎరుపూ నలుపూ అక్కడ ఇబ్బంది పెడతాయి. ఎండ సంగతి కూడా అడగండి. చెట్ల నుంచి తీసే పసుపు రంగు ఎరుపు కంటే ముందుగా వెలిసిపోతుంది. ఆవిడ ఆ గుడ్డను షాపు అద్దాల వెనక ఎండలో తగిలించబోతుంటే, ఆ డిజైన్లో పసుపు తగ్గించమని మనమే చెప్పాలి.

రిపోర్టు వచ్చిందనుకోండి. ఉతుకుడు 4, పొడి రుద్దుడు 4, తడి రుద్దుడు మాత్రం ఎరుపులో 2 నుంచి 3. రెండో విడత మొదటిదానికంటే కాస్త మట్టి రంగుకు తిరిగింది. చాలామంది ఇక్కడ రిపోర్టును దాచిపెట్టి గుడ్డ మాత్రం పంపుతారు. మీరు రిపోర్టు పంపండి, కారణంతో సహా.

కారణం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అచ్చుతో పటిక అద్దుతాం. ఎరుపు రావలసింది ఆ పటిక పట్టిన చోటే. పోగులోకి దిగని పటిక పైపైన ఉండిపోతుంది. పారే నీటిలో బాగా జాడిస్తే అది పోతుంది. జాడింపు చాలకపోతే, ఉడకేసినప్పుడు రంగు ఆ పైపొరకు కూడా పట్టేసి, తడి చెయ్యి తగలగానే వదులుతుంది. కాబట్టి తప్పు రంగుది కాదు, కాలవ దగ్గర తొందరది. రెండో విడత ఛాయ మారడానికి నీళ్లు, ఉడికిన సమయం, రంగు సరుకు వేరే మూటలోంచి తీయడం, ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజు ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసి ఉంటేనే ఏదో తేలుతుంది. అందుకే ట్రయల్ రోజుల్లో మూట, నీళ్లు, గంటలు అన్నీ రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఆవిడతో మాట ఇలా సాగాలి. "లోపం మా జాడింపులో ఉంది కాబట్టి ఐదు మీటర్లు మా ఖర్చుతో మళ్లీ చేసి, అదే పరీక్షకు పంపుతాం. ఒక్కసారే. పెద్ద ఆర్డరు మొత్తానికి రంగు సరుకు ఒకే మూటగా ముందే కొనిపెడతాం. ఒక డ్రెస్సుకు కావలసిన గుడ్డంతా ఒకే కాగులోంచి వచ్చేట్టు థాన్ల మీద గుర్తులు వేస్తాం. వేర్వేరు కాగుల గుడ్డను ఒకే డ్రెస్సులో కలిపి కుట్టవద్దని మీ దర్జీకి చెప్పండి." చూశారా, ఇక్కడికొచ్చేసరికి మనం ఆర్డరు ఇమ్మని అడగడం లేదు, ఆర్డరు షరతులు రాసుకుంటున్నాం. ఆవిడ కూడా ఏ రోజు మొదలెడతారని అడుగుతుంది, లేదా తనకు ఈ తేడా సరిపడదంటుంది. సరిపడదంటే గుడ్డ, రిపోర్టు ఆవిడకు వదిలేసి నమస్కారం పెట్టండి. ఆరు వేలకు ఆవిడ కొనుక్కున్నది ఆ సమాధానమే.

ఒప్పుకున్న గుడ్డలోంచి రెండు ముక్కలు కోసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, వెలుగు తగలని కవర్లలో చెరొకటి దాచుకోండి. ఆవిడ బల్ల మీద మూడు నెలలు ఎండలో పడున్న ముక్కతో మన కొత్త థాను పోలిస్తే, ఎవరి గుడ్డ మారిందో తేలదు.

మధ్యలో "ఇంకో రంగు కూడా వేసి చూపించండి" అని అడుగుతారు. అది రెండో ట్రయల్, రెండో బిల్లు. మొహమాటపడితే ముప్పై మీటర్ల పని మూడు నెలలు సాగుతుంది. పదిహేను వేలు కూడా పెట్టననేవాళ్లుంటారు, వాళ్ల మీద కోపం అక్కర్లేదు, ఉచిత ముక్కలు మాత్రం పంపకండి. యాభై మీటర్లు కావాలనేవాళ్లకు ట్రయల్ అమ్మకండి. వాళ్ల ఆర్డరే ట్రయల్.

కాలం కూడా చూసుకోండి. వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్లతో జాడించి ట్రయల్ చేస్తే, కాలవ వదిలాక చేసే వెయ్యి మీటర్లకు అది సాక్ష్యం కాదు. ముసురు పట్టిన వారంలో ఆరేసిన గుడ్డా అంతే. తప్పనిసరైతే ఏ నీళ్లతో, ఏ వాతావరణంలో చేశామో రిపోర్టు మీద రాయండి.

మూడో భయానికి, అంటే సమయానికి అందుతుందా అన్నదానికి, ఈ ముప్పై మీటర్లు జవాబివ్వలేవు. నాలుగు బల్లలున్న యూనిట్ ముప్పై మీటర్లు బాగా చేసినంత మాత్రాన వెయ్యి మీటర్లు నెలలో ఇవ్వగలదని కాదు. ఆ సంగతి దాచకుండా కాగితం మీదే రాయండి. మొదట 300 మీటర్లు, అవి అందిన తేదీ చూశాక మిగతా 700 అని ఆర్డరును విడగొట్టండి. ఆవిడ అడక్కముందే ఆ మాట మీరు అనాలి.