ఎండలో ఆరిపోయే జిగురు

దాచేపల్లిలో పెరటి కూరమళ్లకు నీళ్లు పెట్టే పీవీసీ పైపు చట్రం బిగించాలంటే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. మన ఎండకు సాల్వెంట్ సిమెంట్ పైపుకు పూయగానే ఆరిపోతుంది. అది మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్ పైపొరను కరిగించి, పైపునూ ఎల్బోనూ ఒకటి చేస్తుంది. ముందే ఆరితే ఆ కరగడం జరగదు, అతుకు కారుతుంది.

రంపంతో పైపును అడ్డంగా, వంకర లేకుండా కోయండి. చివర లేచిన పీచును చాకుతో గీకి, అంచును కాస్త ఏటవాలు చెయ్యండి. లేకపోతే ఆ పీచు పూసిన సిమెంటును ముందుకు నెట్టేస్తుంది. ఇక్కడ నాపరాళ్ల దుమ్ము ఎక్కువ కనుక పొడిగుడ్డతో లోపలా బయటా తుడవాలి. తడి అసలు ఉండకూడదు.

అన్నీ పొడిగా అమర్చి, అతుకుల మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. తర్వాత విడదీసి, సిమెంటును ఎల్బో లోపల పల్చగా, పైపుకు కాస్త దట్టంగా పూసి, పావు చుట్టు తిప్పుతూ అడుగుకంటా నెట్టి, గీతలు కలిపి అర నిమిషం పట్టుకోండి. చుట్టూ సన్నని అంచు సమానంగా కనబడితే అతుకు కుదిరినట్టే.

చట్రం మూసే చివరి రెండు అతుకులను తిప్పడానికి వీలుండదు. అందుకే ఇద్దరు చెరో వైపూ పూసి, రెండూ ఒకేసారి తిన్నగా నెట్టాలి. అరగంట కదపకండి. 24 గంటలయ్యాకే నీళ్లు వదలండి, మళ్లకు నీళ్లందే చిల్లులు పెట్టడం కూడా ఆ తర్వాతే. ఈ చట్రానికి నల్లటి డ్రిప్ పైపును అతికించాలని చూడకండి; అది పాలిథిన్‌ది, దానికి ఈ సిమెంటు అంటదు.