ఫ్లాటు గోడలకు బీమా, ఫ్లాటులోని సామానుకు బీమా: ఎవరికి ఏది

అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొన్నవారి ఆస్తి నిజానికి మూడు ముక్కలు. స్థలంలో విడదీయని వాటా మొదటిది. గోడలు, నేల, కప్పు, వాటిని అంటిపెట్టుకున్న అమరికలు రెండోది. లోపలి సామాను మూడోది. స్థలం కాలదు, కూలదు. కనుక దానికి ఆస్తి బీమా లేదు. రెండోదానికి బిల్డింగ్ కవర్, మూడోదానికి కంటెంట్స్ కవర్. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇళ్లకు అమ్ముతున్న ప్రామాణిక పాలసీ ‘భారత్ గృహ రక్ష’ ఈ విభజన మీదే నడుస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన పాలసీ కాబట్టి ఏ కంపెనీ దగ్గర కొన్నా మూల షరతులు ఒకటే.

ఏది భవనం, ఏది సామాను అన్న గీత చాలామంది అనుకున్న చోట ఉండదు. నేలకో గోడకో కప్పుకో శాశ్వతంగా బిగించినవి భవనం కిందికి వస్తాయి: బాత్‌రూము అమరికలు, గోడలోని కరెంటు వైరింగు, గోడతో కలిపి కట్టించిన అల్మారాలు. కదిలించగలిగినవి సామాను: మంచాలు, పరుపులు, ఫ్రిజ్, బట్టలు, వంటసామాను. గోడకు బిగించిన టీవీ లాంటి విద్యుత్ పరికరాలను పాలసీ సామాను కిందనే లెక్కిస్తుంది. పార్కింగులోని బండి రెండింటిలోనూ లేదు. దాని సంగతి మోటారు పాలసీ చూసుకోవాలి.

ఈ గీత ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఊహకు ఒక నష్టాన్ని తీసుకోవచ్చు. ఆర్మూరులో ఒక అపార్టుమెంటు. రెండో అంతస్తు ఫ్లాటులో రాత్రిపూట నీళ్ల పైపు పగిలింది. తెల్లారేసరికి కింది ఫ్లాటు సీలింగు ఉబ్బింది, గోడ అల్మారా చెక్క పాడైంది, పరుపులు తడిశాయి, టీవీ చెడిపోయింది. పైపులు, ట్యాంకులు పగిలి లేదా పొంగి జరిగే నష్టానికి ఈ పాలసీలో రక్షణ ఉంది. కింది ఫ్లాటులో యజమానే ఉంటూ రెండు కవర్లూ తీసుకుని ఉంటే మొత్తం నష్టం ఒకే క్లెయిములో వస్తుంది. బిల్డింగ్ కవర్ ఒక్కటే ఉంటే సీలింగు, అల్మారా వరకే. అదే ఫ్లాటు అద్దెకు ఇచ్చినదైతే సీలింగు యజమాని పాలసీకి, టీవీ, పరుపులు కిరాయిదారు పాలసీకి వెళ్తాయి. కిరాయిదారుకు పాలసీ లేకపోతే యజమాని పాలసీ ఎంత పెద్దదైనా ఆ టీవీకి పైసా రాదు. పై ఫ్లాటువారికి బీమా ఉందా లేదా అన్నదానితో ఇక్కడ పని లేదు. పొరుగువారికి కలిగిన నష్టానికి చెల్లించే బాధ్యత బీమా ఈ పాలసీలో లేదు. ఎవరి నష్టం వారి పాలసీతోనే తీరాలి.

పైపు పగలడం వేరు, నెలల తరబడి గోడ చెమ్మగిల్లడం వేరు. క్రమంగా జరిగే అరుగుదలకు, మరమ్మతు లోపానికి బీమా లేదు. మరక అంచులు పొరలు పొరలుగా పసుపుపచ్చగా, బూజుతో ఉన్నాయంటే అది పాత చెమ్మ అని సర్వేయరు తేలిగ్గానే పోల్చుకుంటాడు.

ఇక మొత్తం ఎంతకు? ఫ్లాటు కొన్న ధరకు బీమా చేయించడం తరచూ కనిపించే పొరపాటు. ఆ ధరలో స్థలం వాటా, రోడ్డు విలువ, బిల్డరు లాభం కలిసి ఉంటాయి. పాలసీ అడిగేది కార్పెట్ ఏరియాను పాలసీ మొదలయ్యే నాటి నిర్మాణ ఖర్చుతో గుణించిన మొత్తం. ఉదాహరణకు, 42 లక్షలకు కొన్న ఫ్లాటు కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, నిర్మాణ ఖర్చు చదరపు మీటరుకు 22,000 రూపాయలు అనుకుంటే భవనం బీమా మొత్తం 19.80 లక్షలు. మిగతా 22 లక్షలకు పైగా సొమ్ముకు ప్రీమియం కట్టినా క్లెయిములో అది తిరిగి రాదు. మెట్లు, లిఫ్టు వాటా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియాను కూడా ఈ లెక్కలో వాడకూడదు.

భవనానికీ సామానుకూ కలిపి తీసుకుంటే భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, సాధారణ సామానుకు వస్తువుల జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. పై ఉదాహరణలో అది 3.96 లక్షలు. సామాను 6 లక్షలది ఉంటే ఆ మేరకు వివరాలు ఇచ్చి పెంచుకోవాలి. బంగారం, వెండి ఈ 20 శాతంలోకి రావు. వాటికి విలువైన వస్తువుల ఐచ్ఛిక కవర్ విడిగా అడగాలి. నగదుకు సాధారణంగా రక్షణ ఉండదు.

బ్యాంకు రుణంతో ఫ్లాటు కొన్నవారికి ‘బీమా ఉంది’ అనే ధీమా ఉంటుంది. బ్యాంకు చూసుకునేది తన తాకట్టును, అంటే భవనాన్ని. ఆ పాలసీ షెడ్యూలులో కంటెంట్స్ దగ్గర సున్నా ఉండటం మామూలే. కొన్నిసార్లు అది ఇంటి బీమా కానే కాదు, రుణగ్రహీత చనిపోతే బాకీ తీర్చే జీవిత బీమా. షెడ్యూలు చదివితేనే తేలుతుంది.

అపార్టుమెంటు సంఘం పాలసీనీ అలాగే చూడాలి. అది మొత్తం కట్టడానికి, ఫ్లాట్ల లోపలి గోడలతో సహా తీసుకున్నదైతే ఫ్లాటు యజమానికి సామాను కవర్ చాలు. మళ్లీ భవనానికి కట్టడం డబ్బు దండగ. లిఫ్టు, జనరేటరు, మెట్లు వంటి ఉమ్మడి భాగాలకే అయితే ఎవరి ఫ్లాటుకు వారు బిల్డింగ్ కవర్ తీసుకోవాలి. సంఘానికి ఏ పాలసీ లేని చోట చిక్కు ఎక్కువ. పునాదులు, స్తంభాలు దెబ్బతింటే ఒక్క ఫ్లాటు యజమానికి వచ్చిన బీమా సొమ్ముతో కట్టడం మళ్లీ నిలబడదు.

ఆర్మూరు ప్రాంతంలో గల్ఫ్‌లో పనిచేస్తూ ఇక్కడ ఫ్లాటు కొన్న కుటుంబాలు ఎన్నో. అద్దెకు ఇచ్చినవారికి బిల్డింగ్ కవర్ ముఖ్యం. ఇల్లు పాడై కిరాయి ఆగితే పోయిన అద్దెకూ ఇందులో పరిహారం ఉంది. తాళం వేసి వెళ్లేవారి భయం దొంగతనం. ఈ పాలసీలో దొంగతనానికి రక్షణ చాలా సన్నది: అగ్నిప్రమాదమో వరదో జరిగాక 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగినదానికే. మామూలు దొంగతనానికి విడిగా బర్గ్లరీ పాలసీ కావాలి.

వరద ఇక్కడ దూరపు మాట కాదు. 2023 జూలై చివరి వారంలో పొరుగున ఉన్న వేల్పూరులో ఒక్క రోజులో సుమారు 46 సెంటీమీటర్ల వాన పడింది. నేల అంతస్తు ఫ్లాటులో ఉండేవారికి సామాను కవర్ అవసరం పై అంతస్తులవారికంటే ఎక్కువ. భూకంపం విషయంలో ఆ తేడా లేదు.

ధర పెరుగుతుందని పసుపు బస్తాలను ఫ్లాటులోనో పార్కింగులోనో దాచుకోవడం ఈ ఊళ్లో ఉన్నదే. అమ్మకానికి ఉంచిన సరుకు గృహోపకరణం కాదు. కనుక కంటెంట్స్ కవర్‌లోకి రాదు. దానికి వ్యాపార సరుకు పాలసీ ఉండాలి. మొత్తం ఆస్తి విలువ ఒకే చోట 5 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారులకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉంది. సరుకు ఎక్కడ నిల్వ ఉందో ఆ చిరునామాను అందులో రాయించాలి.