నీరసానికీ పరీక్ష ఉంది

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడమనిషి కాస్త నెమ్మదిస్తే మన ఇళ్లల్లో దానికి బద్ధకమనే పేరు సిద్ధంగా ఉంటుంది. ఆమె మానసిక సమస్యకు మందులు వాడుతుంటే 'జబ్బు తిరగబెట్టింది' అంటారు. కాన్సర్ రోగి అయితే 'ఆ జబ్బుకి నీరసం ఉండదా?' అంటారు. ఈ మాటల చాటున, వాడుతున్న మందు వల్లే దెబ్బతిన్న థైరాయిడ్ గ్రంథి ఎవరి కంటా పడకుండా పోతుంది. అలా జరిగే రెండు సందర్భాల గురించి ఇవాళ మాట్లాడతాను.

మొదటిది లిథియం. బైపోలార్ జబ్బుకు 1949 నుంచీ వాడుకలో ఉన్న మందు, చాలామందిని నిలబెట్టిన మందు. అయితే అది థైరాయిడ్ గ్రంథిలో చేరి, అక్కడ తయారైన హార్మోను రక్తంలోకి విడుదల కాకుండా అడ్డుపడుతుంది. అప్పుడు మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి 'ఇంకా పనిచెయ్యి' అని ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడికి కొలతే టీఎస్‌హెచ్. మగవాళ్లలో కంటే స్త్రీలలో ఈ సమస్య ఎక్కువ. నలభై దాటినవాళ్లలో, ఇంట్లో థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 44 ఏళ్ల అంగన్‌వాడీ టీచర్. రెండేళ్లుగా లిథియం వాడుతూ బాగానే ఉంది. క్రమంగా బరువు పెరిగింది, గొంతు బొంగురు పోయింది, మలబద్ధకం, చలి, నెలసరిలో అధిక రక్తస్రావం. పని మీద ధ్యాస లేదని ఇంట్లో సణుగుడు. డాక్టరు డిప్రెషన్ అనుకుని ఇంకో మాత్ర కలిపాడు. నెలలు గడిచాక పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 22 ఉంది. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. టీ4 హార్మోను తక్కువగా ఉంది.

'ఆమెకు రక్తపరీక్షలు చేస్తూనే ఉన్నారు కదా' అని మీరు అడగొచ్చు. చేశారు. కానీ అవి రక్తంలో లిథియం ఎంత ఉందో చూసే పరీక్షలు. థైరాయిడ్ పరీక్ష వేరు. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత కనీసం ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. లక్షణాలు కనిపిస్తే ఆ గడువు దాకా ఆగకూడదు.

పరీక్షలో తేడా వచ్చిందని లిథియం ఆపెయ్యమని మాత్రం మనం ఎవరికీ చెప్పకూడదు. హఠాత్తుగా ఆపితే జబ్బు తీవ్రంగా తిరగబెట్టవచ్చు, ఆత్మహత్య ప్రమాదమూ పెరుగుతుంది. సాధారణంగా లిథియం కొనసాగిస్తూనే థైరాక్సిన్ మాత్ర కలుపుతారు. దాన్ని పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేసి మోతాదు సరిచేస్తారు.

రెండోది కాన్సర్‌కు ఇచ్చే ఇమ్యునోథెరపీ. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు మన రోగనిరోధక కణాలకున్న బ్రేకు తీసేస్తాయి. ఈ మార్గం చూపిన పరిశోధనకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్రేకు లేని కణాలు కాన్సర్‌తో పాటు కొందరిలో థైరాయిడ్‌నీ దెబ్బతీస్తాయి.

ఇక్కడ కథ రెండు దశల్లో నడుస్తుంది. మొదటి కొన్ని వారాల్లో, పగిలిన గ్రంథిలోంచి నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా బయటకి వస్తుంది. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు. టీఎస్‌హెచ్ తగ్గి టీ4 పెరుగుతుంది. చాలామందిలో ఇది గ్రంథి అతిగా పనిచెయ్యడం కాదు, ఉన్నది కారిపోవడం. అందుకే హార్మోను తయారీని ఆపే కార్బిమజోల్ దీనికి పనికిరాదు. దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ వంటిది ఇస్తారు. మరికొన్ని వారాలకు నిల్వ అయిపోతుంది, గ్రంథి చతికిలబడుతుంది. అప్పుడు మొదలయ్యే లోపం ఎక్కువ మందిలో శాశ్వతం. ఒక్కసారి పరీక్ష చేసి ఊరుకుంటే ఈ రెండో దశ తప్పిపోతుంది. అందుకే చికిత్సకు ముందూ, తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకోసారీ చూడాలి. థైరాయిడ్ దెబ్బతిన్నంత మాత్రాన కాన్సర్ చికిత్స మానాల్సిన అవసరం సాధారణంగా రాదు.

ఇంకొక ప్రమాదం ఉంది. ఈ మందులు, ముఖ్యంగా ఇపిలిముమాబ్, పిట్యుటరీనే దెబ్బతీయవచ్చు. అప్పుడు టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ పెరగదు. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసినవాళ్లు 'అంతా బాగుంది' అంటారు. అలాంటి రోగికి కార్టిజాల్ అనే మరో హార్మోను కూడా పడిపోయి ఉండొచ్చు. అది సరిచెయ్యకుండా ముందే థైరాక్సిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, నిలబడితే కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మనం డాక్టర్లం కాము. కానీ ఆమె ఫైలు తెరిచి చూడగలం. మందు మొదలుపెట్టక ముందు థైరాయిడ్ పరీక్ష కాగితం ఉందా? చివరిది ఏ తేదీది? అందులో టీఎస్‌హెచ్‌తో పాటు టీ4 ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా ఆ నీరసాన్ని ఆమె స్వభావానికో మనసుకో అంటగట్టే హక్కు ఇంట్లోవాళ్లకీ లేదు, డాక్టరుకీ లేదు.