చేతికి లక్ష రావాలంటే బోనస్ ఎంతివ్వాలి?

పన్ను పోగా చేతికి లక్ష రూపాయలు వచ్చేలా బోనస్ ఇస్తానని ఒక యజమాని మాటిచ్చారనుకుందాం. ఉద్యోగి ఇప్పటికే 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నారు. ఆ పన్ను మీద 4 శాతం సెస్ కూడా కలిపితే కోత 31.2 శాతం.

చాలామంది లక్షకు 31,200 కలిపి సరిపెడతారు. కానీ పన్ను పడేది 1,31,200 మొత్తం మీద. అందులో 40,934 పోయి, చేతికొచ్చేది 90,266 రూపాయలే. యజమాని భరించే పన్ను కూడా ఉద్యోగి ఆదాయమే కాబట్టి, దాని మీదా పన్ను పడుతుంది.

అందుకే కలపకూడదు, భాగించాలి. వంద రూపాయల్లో 31.20 పోతే మిగిలేది 68.80. లక్షను 0.688తో భాగిస్తే 1,45,349 వస్తుంది. దానిలో పన్ను 45,349 తీసేస్తే సరిగ్గా లక్ష మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త. బోనస్‌లో కొంత 20 శాతం శ్లాబులో, మిగతాది 30 శాతంలో పడితే ఒకే రేటు పనికిరాదు. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా లెక్కించాలి. ఏడాది ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. కాబట్టి మాట ఇచ్చే ముందే ఉద్యోగి మొత్తం ఏడాది ఆదాయం చూసుకోండి.